మన మాట తీరు కాగితం: దాని వెనుక కథ

ఈ సంవత్సరం రిపోర్టులో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ముందు పేజీల్లో ఉన్నాయి. నన్ను రాయమన్నది నాలుగు పేజీల కాగితం గురించి. మన ఆఫీసులో బీరువా తలుపుకు లోపలి వైపు అతికించి ఉంటది, చూసే ఉంటారు. ట్రైనింగ్‌కి వచ్చిన మేడం దాన్ని బ్రాండ్ వాయిస్ గైడ్ అన్నది. మనం మాట తీరు కాగితం అంటున్నాం. ఫెడరేషన్ పేరు మీద ఫోన్లో ఏం రాసినా, ఎవరు రాసినా, ఒకే సంఘం మాట్లాడినట్టు ఉండాలని రాసుకున్న కాగితం అది. నాలుగు పేజీలకు మూడు నెలలు ఎందుకు పట్టిందని మీటింగులో ఒక వదిన అడిగింది. ఆమెకు అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయిన, అందుకే ఇక్కడ రాస్తున్న.

సంగతి పోయిన సంక్రాంతికి మొదలైంది. మన పిండివంటల యూనిట్‌కి అప్పటికే నాలుగు చోట్ల పోస్టులు పెట్టేవాళ్లున్నారు. వాట్సాప్ గ్రూపులు, స్టేటస్ నేను చూసేదాన్ని. ఫేస్‌బుక్ పేజీ కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క చూసేది. ఇన్‌స్టాగ్రామ్ డిగ్రీ చదివిన చెల్లె చూసేది, వాళ్లది గుంటూరు వైపు. యూట్యూబ్‌లో చిన్న వీడియోలు యూనిట్‌లో పనిచేసే వాళ్లే తీసి పెట్టేవాళ్లు. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి మాట వాళ్లది. అప్పటిదాకా అది తప్పని మనకెవరికీ అనిపించలేదు.

ఫేస్‌బుక్ అక్క "గారెలు కిలో 340, ఆర్డర్ మీద చేసిస్తాం" అని పెట్టింది. ఆమె ఊళ్లో గారెలంటే బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు వేసి చేసే కరకరలాడే అప్పాలు. నెల రోజులు నిలువ ఉంటయి. అదే వంటను ఇన్‌స్టాలో చెల్లె "చెక్కలు" అని పెట్టింది. గుంటూరు వైపు గారెలంటే మినప్పప్పు రుబ్బి చేసే మెత్తటి గారెలు. వాళ్లకు కనుమ నాడు మినుము తినాలె.

నాచారంలో ఉండే ఒకామె, వాళ్లది కృష్ణా జిల్లా, ఫేస్‌బుక్‌లో గారెలు చూసింది. ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టి "కనుమకు పొద్దున పదకొండు కల్లా నాలుగు కిలోలు పంపుతారా, ఫ్రెష్‌గా ఉండాలి" అని అడిగింది. మన చెల్లె ఫేస్‌బుక్ పోస్టు చూడలేదు. ఆర్డర్ రాసిన చీటీలో "గారెలు" అని ఉంటే యూనిట్‌కి పంపింది, "తప్పకుండా ఫ్రెష్‌గా పంపిస్తాం" అని జవాబు కూడా ఇచ్చింది. యూనిట్‌లో వాళ్లకు గారెలంటే ఒకటే అర్థం. కనుమ నాడు పదకొండున్నరకు నాచారంలో ఆ ఇంటికి నాలుగు కిలోల అప్పాలు పోయినయి. వాళ్లింట్లో పదిహేను మంది చుట్టాలు భోజనానికి కూర్చోబోతున్నారు.

తప్పు ఇద్దరిదీ కాదు. రెండు ఊళ్ల తెలుగు ఒకే పేరు మీద మాట్లాడింది. అసలు కిలో లెక్కన గారెలు అమ్మరు కదా అని ఆ తర్వాత ఎవరో అన్నారు. నిజమే, మినప గారెలను లెక్కపెట్టి అమ్ముతారు. ఆ సూచన ఇటు మనం చూడలేదు, అటు ఆమె కూడా చూడలేదు.

అంతకంటే నాకు ఎక్కువ బాధ కలిగించింది తర్వాత జరిగింది. ఆమె ఫేస్‌బుక్‌లో కోపంగా కామెంట్ పెట్టింది. దానికి ఒక గంటలో మన వైపు నుంచి మూడు జవాబులు పోయినయి. ఫేస్‌బుక్‌లో "మా తెలంగాణలో గారెలంటే ఇవేనండి" అని. ఇన్‌స్టాలో "సారీ డియర్" అని, పక్కన దండం పెట్టే బొమ్మ, నవ్వే బొమ్మ. వాట్సాప్‌లో నేను "డబ్బులు వాపస్ ఇస్తాం మేడం" అని. ఆమె ఆ మూడింటిని స్క్రీన్‌షాట్ తీసి తన కాలనీ గ్రూపులో పెట్టి, ఇది నిజంగా మహిళా సంఘమా, లేక పేరు పెట్టుకుని నడుపుతున్న దొంగ పేజీనా అని అడిగింది. 1,360 రూపాయలు తిరిగిచ్చినం. అది పెద్ద పైకం కాదు. కానీ ఆ కాలనీ నుంచి ఉగాది దాకా ఒక్క ఆర్డర్ రాలేదు.

ఫెడరేషన్ మీటింగులో మొదట ఒక మాట వచ్చింది. ఒక్కరే పోస్టులు పెట్టాలి, మిగతా వాళ్లు ఆపాలి అని. నేను ఒప్పుకోలేదు. ఒక్క మనిషి రోజూ నాలుగు చోట్ల రాయలేదు, ఆమెకు జ్వరం వస్తే దుకాణం మూసినట్టే. పైగా అప్పాల గురించి కరీంనగర్ అక్కకు తెలిసింది ఇంకెవరికీ తెలవదు. చేతులు తగ్గించకుండా మాట ఒకటి చేయాలె, అదీ అప్పుడు మన ముందున్న పని.

మన కాలనీలో ఉండే ఒక పెద్దాయన పేపర్లో సబ్ ఎడిటర్‌గా చేసి రిటైరైనారు. ఆయన దగ్గరికి పోతే నవ్వి, "ఇది మీకు కొత్త కష్టం కాదమ్మా, పేపర్లకు యాభై ఏళ్ల కింద వచ్చిన కష్టమే" అన్నారు. ఈనాడు పేపర్ 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది. తర్వాత హైదరాబాద్, విజయవాడ, తిరుపతి అని ఒక్కో చోట అచ్చు పెరిగింది. 1980లలో ఊరూరి వార్తలు ఇవ్వాలని చాలా చోట్ల విలేకరులను పెట్టుకున్నారు. వాళ్లు ఎవరి యాసలో వాళ్లు రాసి పంపుతారు. శ్రీకాకుళం విలేకరికి ఒక వంటకు ఒక పేరు, ఆదిలాబాద్ విలేకరికి ఇంకో పేరు. పాఠకుడు మాత్రం ఒక్క పేపర్ చదువుతున్నాననుకుంటాడు. అందుకే ఏ మాట వాడాలి, ఎట్ల రాయాలి అని ముందే తేల్చి పెట్టుకోవడం తప్పని పని అయింది.

భాషా పండితుడు బూదరాజు రాధాకృష్ణ గారు ఈనాడు జర్నలిజం స్కూలులో కొత్త విలేకరులకు ఈ పని నేర్పేవారట. ఈనాడు వ్యవహార పదకోశం అని ఆయన తయారుచేసిన పుస్తకం ఉంది. సార్ దగ్గర అది పాతబడి అట్ట ఊడిపోయి ఉంది. నేను చేతిలోకి తీసుకుని చూసిన. గొప్ప గొప్ప మాటలు రాయమని చెప్పే పుస్తకం అనుకున్న, కాదు. ఈ మాటకు ఇది వాడండి అని వరసగా తేల్చి పెట్టిన పుస్తకం. సార్ ఒక మాట చెప్పారు, అది నేను రాసి పెట్టుకున్న. డెస్క్‌లో ఒకే వాదన రెండోసారి వచ్చిందంటే, మొదటిసారి తేల్చింది ఎక్కడా రాయలేదని అర్థమట. అట్ల రాసుకున్న తేల్పులే స్టైల్ బుక్ అవుతాయట.

పేపరోళ్లకు చదువుంది, మనకు పదో తరగతి, ఏడో తరగతి, ఇది మనతో అయ్యే పనేనా అని ఒక అక్క అన్నది. అప్పుడు సారే చిత్తూరు జిల్లా సంగతి చెప్పారు. అక్కడ పొదుపు సంఘాల ఆడవాళ్లు 2001లో నవోదయం అనే పత్రిక మొదలుపెట్టారు. అప్పట్లో వెలుగు ప్రాజెక్టు వాళ్లు తోడు నిలబడ్డారు. చాలామంది పెద్ద చదువులు లేనివాళ్లు, పేద ఇళ్ల వాళ్లు. వార్తలు తెచ్చింది వాళ్లే, రాసింది వాళ్లే, దిద్దింది, ఊళ్లల్లో అమ్మింది కూడా వాళ్లే. అన్ని మండలాల చేతులు కలిసి ఒక పత్రిక అయింది. మన లాంటి వాళ్లే మనకంటే ఇరవై ఏళ్ల ముందు ఒకే పేరు కింద కలిసి రాసిన్రు అని తెలిసినాక ఆ అక్క మళ్లీ ఆ మాట అనలేదు.

మొదటి కాగితం నేనే రాసిన. పద్నాలుగు పేజీలు. మన మాట ఆత్మీయంగా ఉండాలి, నిజాయితీగా ఉండాలి, అందరికీ అర్థమయ్యేటట్టు ఉండాలి, గౌరవంగా ఉండాలి అని రాసిన. అందరూ బాగుందన్నారు, చప్పట్లు కూడా కొట్టినారు. వారం తర్వాత చూస్తే పోస్టుల్లో ఏ మార్పూ లేదు. ఎందుకంటే "సారీ డియర్" రాసిన చెల్లె కూడా ఆత్మీయంగానే రాశాననుకుంటది. "మా తెలంగాణలో ఇవేనండి" అన్న అక్క కూడా నిజాయితీగానే చెప్పాననుకుంటది. రెండూ నిజమే. ఆత్మీయంగా అనే మాట కింద ఎవరికి తోచింది వాళ్లు పెట్టుకోవచ్చు. ఆ పద్నాలుగు పేజీలు ఇప్పుడు లెక్కల పుస్తకానికి అట్టలుగా వాడుతున్నం.

రెండోసారి పద్ధతి మార్చినం. అంతకుముందు ఆరు నెలల పోస్టులు, జవాబులు నలుగురి ఫోన్ల నుంచి ఏరి, పక్కపక్కన కాగితం మీద అతికించినం. ఎక్కడ ఒకరితో ఒకరికి పొత్తు కుదరలేదో అక్కడ ఎర్ర పెన్నుతో గీత పెట్టినం. గీతలు ముఖ్యంగా నాలుగు రకాల చోట్ల పడ్డయి. వంటల పేర్లు, కొనేవాళ్లను పిలిచే తీరు, మన సరుకు గురించి చెప్పుకునే గొప్పలు, కోపంగా ఉన్నవాళ్లకు ఇచ్చే జవాబు. కాగితంలో ఈ నాలుగే రాసినం. గొడవ లేనిచోట రూలు పెట్టలేదు.

పేర్ల గురించే ఎక్కువ వాదన జరిగింది. తెలంగాణ మాట పెట్టాలా, పుస్తకాల మాట పెట్టాలా అని. మన నాగారంలో నల్లగొండ వాళ్లున్నారు, వరంగల్ వాళ్లున్నారు, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లున్నారు. మన దగ్గర కొనేవాళ్లు కూడా అట్లాంటి వాళ్లే. ఒక రోజంతా తెగలేదు. అప్పుడు ఒక చెల్లె టీవీ సంగతి తీసింది. వీ6 చానెల్ 2012లో మొదలైంది కదా, అందులో మామూలు వార్తలు మామూలు తెలుగులో వస్తయి, తీన్మార్ వార్తలు మన యాసలో వస్తయి. చానెల్ ఒక్కటే. తీన్మార్ చూసేటోళ్లు ఇది వేరే చానెల్ అనుకోలేదు, ఎందుకంటే ఏ చోట ఏ మాట అన్నది వాళ్లు ముందే తేల్చుకున్నారు. రోజుకోసారి మార్చలేదు.

మేం కూడా అట్లనే తేల్చుకున్నం. వీడియోలో మాట్లాడేటప్పుడు ఎవరి యాస వాళ్లది, దాన్ని దిద్దొద్దు. వంట చేసే చేతులు కనిపిస్తున్నప్పుడు వాళ్ల సొంత మాట వినపడితేనే నమ్మకం. రాతలో మాత్రం "ఇస్తాం, పంపుతాం, చేస్తాం" అని అందరికీ తెలిసే మాట. వంట పేరు మాత్రం పుట్టిన ఊరి పేరే, సకినాలను సకినాలనే రాయాలి, సర్వపిండిని సర్వపిండనే రాయాలి. కానీ ఒక పేరుకు రెండు అర్థాలు ఉన్నచోట, మొదటిసారి పేరు రాసిన వెంటనే ఏంటితో చేస్తామో చెప్పాలి. ఇప్పుడు కాగితంలో ఆ వరస ఇట్ల ఉంది: "బియ్యప్పిండి అప్పాలు (చెక్కలు). కరకరలాడతాయి, నెల రోజులు నిలువ ఉంటాయి. కిలో ధర." గారెలు అనే మాట ఒక్కటే రాయొద్దు. మినప గారెలు మనం చేయం, ఎవరైనా అడిగితే చేయమనే చెప్పాలి. ఒక కనుమ పూట పోయినాక తేలిన వరస ఇది.

పిలిచే తీరు దగ్గర నాకే మొట్టికాయ పడింది. వాట్సాప్‌లో నేను అందరినీ అక్కా అనేదాన్ని. సభ్యుల గ్రూపులో అది సరే. కానీ రాంపల్లి నుంచి ఆర్డర్ పెట్టిన ఒక పెద్దమనిషికి కూడా అలవాటులో "అక్కా, డబ్బులు వచ్చినయి" అని పంపిన. ఆయన నవ్వుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు తేల్చింది ఏంటంటే, కొనేవాళ్లకు మీరు, అండి. సభ్యులకు అక్కా, చెల్లె. డియర్, ఫ్రెండ్స్, గాయ్స్ ఎక్కడా వద్దు. మన గురించి చెప్పుకునేటప్పుడు మేం అనాలి, నేను అనొద్దు. ఎందుకంటే ఇయాల రాసేది నేను, రేపు రాసేది ఇంకొకరు. కొనేవాళ్లు నిన్న నేనన్న మాటకు రేపటి మనిషిని అడుగుతారు.

గొప్పలు చెప్పుకునే చోటు అన్నిటికంటే ప్రమాదమైంది. ఎర్ర గీతలు పెట్టినప్పుడు రెండు పోస్టులు చూసి మా చేతులు ఆగిపోయినయి. ఒకదాంట్లో "వంద శాతం ఆర్గానిక్" అని ఉంది. మనం బియ్యం కొనేది మామూలు దుకాణంలో. ఆర్గానిక్ అనాలంటే దానికి సర్టిఫికెట్ ఉండాలి, మన దగ్గర అట్లాంటి కాగితం ఏదీ లేదు. ఇంకోదాంట్లో కొర్రల మురుకుల ఫొటో కింద "షుగర్ ఉన్నవాళ్లు ఎన్నైనా తినొచ్చు, షుగర్ తగ్గుతుంది" అని ఉంది. రాసిన అక్క మంచి మనసుతోనే రాసింది, ఎక్కడో వీడియోలో విన్నదట. నూనెలో వేగిన మురుకులు అవి. దాన్ని నమ్మి ఎవరైనా పెద్దమనిషి పూటకు అరకిలో తింటే ఏమవుతది? ఫుడ్ సేఫ్టీ వాళ్ల 2018 ప్రకటనల నిబంధనల ప్రకారం కూడా తిండి అమ్మేవాళ్లు రోగం తగ్గిస్తుందని, నయం చేస్తుందని చెప్పుకోకూడదు.

అందుకని కాగితంలో రెండో పేజీ మొత్తం సరుకుల పట్టికే ఉంటది. ఒక్కో సరుకుకు నిజంగా మనకు తెలిసిన సంగతులు మాత్రమే రాసి పెట్టినం. ఏంటితో చేస్తాం, ఏ నూనె, ఎన్ని రోజులు నిలువ, బరువు, ధర, ఆ ధర ఏ తేదీ నుంచి. లేబుల్ మీద ఉండే పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు కూడా అక్కడే ఉంటది. పోస్టులో సరుకు గురించి ఏ మాట రాసినా ఆ పట్టికలోంచే తీయాలి. పట్టికలో లేని గొప్ప రాయాలనిపిస్తే ముందు మీటింగులో అడగాలి. "అమ్మ చేతి రుచి" అనొచ్చా అని ఒకరు అడిగిన్రు. అనొచ్చు, అది ఎవరినీ ముంచే అబద్ధం కాదు. కానీ ఊళ్లో ప్రతి దుకాణం అదే అంటుంది కాబట్టి దానికి బదులు "పొద్దున ఆరింటికి పిండి కలిపి, మధ్యాహ్నానికి ప్యాకింగ్" అని రాస్తే మనకే చెందిన మాట అవుతుందని తేల్చినం. ఇది నాకు చాలా నచ్చిన తేల్పు.

ధర పక్కన తేదీ పెట్టడం వెనుక కూడా ఒక సంగతి ఉంది. వాట్సాప్ స్టేటస్ ఇరవై నాలుగు గంటలకు పోతుంది కాబట్టి మన తప్పు కూడా పోతుందనుకునేదాన్ని. పోదు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు, అది రెండు నెలల తర్వాత తిరిగి తిరిగి మన దగ్గరికే వస్తది, "మీరు 300 అన్నారు కదా" అని. తేదీ ఉంటే మనం చూపించి మాట్లాడొచ్చు.

ఇక నాలుగు చోట్లకు నాలుగు మాటలా, ఒక్క మాటా అన్న ప్రశ్న. ట్రైనింగ్ మేడం దీనికి ఒక అమెరికా కంపెనీ సంగతి చెప్పింది. మెయిల్‌చింప్ అని, దుకాణాలవాళ్లకు ఈమెయిల్ పంపే పని చేసి పెట్టే కంపెనీ అది. వాళ్లు తమ రాత పద్ధతి కాగితాన్ని 2015లో అందరూ చూడడానికి, వాడుకోవడానికి బయట పెట్టినారు. దాంట్లో ముఖ్యమైన మాట ఏంటంటే, మాట్లాడే మనిషి ఎప్పుడూ ఒక్కటే, గొంతు మాత్రం ఎదుటివాళ్ల పరిస్థితిని బట్టి మారుతుంది. మన ఇళ్లల్లో చూడండి. మా అత్తమ్మ పెళ్లింట్లో ఒక తీరుగా మాట్లాడుతది, చావు ఇంట్లో ఒక తీరుగా మాట్లాడుతది. కానీ గోడ అవతలి నుంచి విన్నా ఆమె అని పోల్చుకుంటాం.

దాని ప్రకారం ఒకే సంగతిని నాలుగు చోట్ల ఎట్ల రాయాలో కాగితంలో నమూనా రాసి పెట్టినం. సకినాల ఆర్డర్లు తీసుకుంటున్నాం అన్న సంగతి తీసుకున్నం. వాట్సాప్‌లో: "సకినాల ఆర్డర్లు జనవరి 8 దాకా తీసుకుంటాం. కిలో, అరకిలో ఉన్నాయి. సాయంత్రం ఐదు లోపు ఈ నంబరుకు ఫోన్ చేయండి." అక్కడ మనుషులకు టైం తక్కువ, తేదీ, నంబరు దొరికితే చాలు. ఇన్‌స్టాలో ఫొటో కింద రాత అంతా ఒకేసారి కనిపించదు, మొదటి రెండు వరసలు కనిపించి మిగతాది నొక్కితేనే వస్తది. అందుకని "సకినాల ఆర్డర్లు జనవరి 8 దాకా" అన్నది మొదటి వరసలోనే ఉండాలి, పిండి ఎట్ల చుడతామో అన్న ముచ్చట కిందకు పోవాలి. మన చెల్లె అంతకుముందు సంక్రాంతి శుభాకాంక్షలతో మొదలుపెట్టి తేదీని అడుగున రాసేది. ఫేస్‌బుక్‌లో పెద్దవాళ్లు తీరికగా చదువుతారు, అక్కడ ఎవరు చేస్తున్నారు, ఎన్ని సంఘాల వాళ్లు అన్నది నాలుగైదు వరసలు రాయొచ్చు. యూట్యూబ్‌లో చుట్టే చేయి మాట్లాడుతుంది, రాత పేరు, తేదీ వరకే. నాలుగింట్లోనూ పేరు ఒకటే, ధర ఒకటే, తేదీ ఒకటే, మీరు అన్న మర్యాద ఒకటే. మారింది పొడుగు, వరస.

బొమ్మల గురించి చిన్న గొడవ అయింది. పండగ పోస్టుకు రెండు బొమ్మలదాకా సరే అని, ఫిర్యాదుకు ఇచ్చే జవాబులో ఒక్కటి కూడా వద్దని తేల్చినం. కోపంతో ఉన్న మనిషికి నవ్వే బొమ్మ పెడితే వెక్కిరించినట్టు ఉంటదని ఆ నాచారం ఆమెను చూసే నేర్చుకున్నం.

ఫిర్యాదు జవాబు పేజీ ఒక్కటే నేను అందరితో చదివించి, రాయించిన పేజీ. కామెంట్ ఎవరు చూసినా ముందు అక్కడ ఒకటే వరస పెట్టాలి: "మీరు చెప్పింది చూశాం. ఇయాల సాయంత్రం ఆరు లోపు మీకు ఫోన్ చేస్తాం." అంతే. వాదించొద్దు, కారణం చెప్పొద్దు, డబ్బుల మాట ఎత్తొద్దు. తర్వాత ఫోన్ చేసేది ఒక్కరే, ఆ నెల వంతు ఎవరిదైతే వాళ్లు. ఫోన్ అయినాక ఏం తేలిందో అదే కామెంట్ కింద రాయాలి, ఎందుకంటే గొడవ చూసినవాళ్లు ముగింపు కూడా చూడాలి. ఆ కనుమ నాటి కామెంట్‌కు ఇప్పుడైతే ఏం రాస్తామో నమూనాగా పెట్టినం: "మీరు మినప గారెలు అనుకున్నారు, మేం అప్పాలు పంపాం. మా పోస్టులో స్పష్టంగా రాయలేదు, అది మా తప్పు. డబ్బులు పంపించాం. ఇకనుంచి రెండు పేర్లూ రాస్తున్నాం." అప్పుడు ఫేస్‌బుక్‌లో రాసిన అక్క దీన్ని చదివి చాలాసేపు మాట్లాడలేదు. మా ఊరి పేరును తప్పని ఒప్పుకున్నట్టు కాదా అన్నది. కాదక్కా, గారెలన్న పేరు తప్పు అనలేదు, రాయడం చాలలేదు అన్నం అని చెప్పిన. ఆమె పూర్తిగా ఒప్పుకుందో లేదో ఇప్పటికీ నాకు అనుమానమే.

కాగితం పనిచేస్తుందా లేదా అని చూడడానికి సార్ ఒక పద్ధతి చెప్పారు. నెలకోసారి, పోస్టులు పన్నెండు తీసి, పేర్లు, బొమ్మలు లేకుండా కాగితం మీద రాసి, మీటింగులో చదివి, ఇది ఎవరు రాసింది అని పోస్టులు పెట్టని సభ్యులను అడగాలి. మొదటి నెలలో పన్నెండుకు పది సరిగ్గా చెప్పేసినారు. "ఈ పొడుగు వాక్యం నీదే" అని నన్ను చూసి నవ్విన్రు. మూడో నెలకు నాలుగే చెప్పగలిగినారు. ఆ నాలుగింట్లో రెండు నావే. వీడియోలను ఈ పరీక్షకు పెట్టలేదు, అక్కడ ఎవరి గొంతు వాళ్లదే ఉండాలి కదా.

ఇంకా కుదరనివి ఉన్నాయి. ఆర్‌పీ అక్కలు మన పోస్టును తమ గ్రూపుల్లోకి పంపేటప్పుడు పైన తమ మాట ఒకటి కలుపుతారు, "త్వరపడండి, స్టాక్ అయిపోతుంది" అని. స్టాక్ అయిపోకున్నా సరే. వాళ్లకు మన కాగితం వర్తించదు, చెప్పి చూస్తున్నం. అట్లనే పండగ వారంలో ఆర్డర్లు మీద పడితే ఎవరూ బీరువా దగ్గరికి పోయి చూడరు. అందుకే సరుకుల పట్టికను ఫొటో తీసి నలుగురి ఫోన్లలో పెట్టినం. పెడితే ఏమైంది, బతుకమ్మ ముందు నువ్వుల లడ్డూ ధర మారినప్పుడు కాగితం మీద మార్చినం, ఫోన్లలో పాత ఫొటోనే ఉండిపోయింది. ఒక రోజంతా రెండు ధరలు నడిచినయి. ఇప్పుడు పట్టిక పైన తేదీ రాస్తున్నం, ధర మారితే పాత ఫొటో తీసేసినట్టు నలుగురూ గ్రూపులో చెప్పాలి. ఆ పని చూసే బాధ్యత ఈ సంవత్సరం నాది, వచ్చే ఏప్రిల్ నుంచి ఇన్‌స్టా చెల్లెది.

తేలని పేరు ఒకటి మిగిలి ఉంది. శనగపిండితో గొట్టంలో ఒత్తే సన్నటిదాన్ని మేం కారప్పూస అంటాం, బియ్యప్పిండిది లావుగా ఒత్తితే మురుకులు అంటాం. గుంటూరు చెల్లె వాళ్లు జంతికలు అంటారు, ఆమె జంతికలు అన్నది మా మురుకులా, కాదా అని మొన్న గంటసేపు గొట్టం బిళ్లలు ముందు పెట్టుకుని కూర్చున్నం. కొర్రలతో చేసినవాటిని ఏమనాలో అదింకో గొడవ. ఈ నెల రెండో శనివారం మీటింగుకు వచ్చేవాళ్లు మీ ఇంట్లో ఏ బిళ్ల వాడతారో తెచ్చి చూపించండి. మూడో పేజీలో ఆ వరస కోసం చోటు ఖాళీగా ఉంచినం.